రక్తం తీసే ముందు పేషెంట్‌ను ఎలా నిర్ధారించుకోవాలి? లేబుల్ ఎప్పుడు అంటించాలి?

ప్రశ్న: డీఎంఎల్‌టీ అయ్యాక ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో ట్రైనీగా చేరాను. పొద్దున వార్డు శాంపిల్స్‌కి పంపిస్తున్నారు. ఒక సీనియర్ ల్యాబ్‌లోనే ట్యూబులన్నిటికీ లేబుళ్లు అంటించుకుని వెళ్లమంటారు, ఇంకొకరు రక్తం తీశాకే అంటించమంటారు. ఏది సరి? పేషెంట్‌ను పేరు అడిగితే సరిపోతుందా, ఇంకేమైనా చూడాలా?

సమాధానం:

ఇద్దరు సీనియర్లలో రెండో ఆయన మాట పట్టుకోండి. రక్తం ట్యూబులోకి వచ్చాక, ఆ పేషెంట్ పక్క నుంచి కదలకముందే లేబుల్ అంటించాలి. అమెరికా ప్రమాణాలు ఇలాగే చెబుతాయి. యూరప్ సిఫారసులు ముందా తర్వాతా అన్నది ఆసుపత్రికే వదిలేస్తాయి గానీ, పేషెంట్ ఎదుటే అంటించాలన్న షరతు మాత్రం పెడతాయి. ల్యాబ్‌లో టేబుల్ మీద ముప్పై ట్యూబులకు వరసగా లేబుళ్లు అంటించుకుని ట్రేలో పెట్టుకెళ్లడాన్ని రెండూ ఒప్పుకోవు.

ఎందుకు ఒప్పుకోవో అర్థమైతే మిగతా నియమాలు బట్టీ పట్టక్కర్లేదు. లేబుల్ లేని ట్యూబుతో మీరు పొరపాటు చేశారనుకోండి, అంటే రక్తం తీసి లేబుల్ అంటించడం మరిచిపోయారు. ఆ ట్యూబ్ ల్యాబ్ రిసెప్షన్‌లో ఆగిపోతుంది, మళ్లీ తీసుకురమ్మంటారు. పేషెంట్‌కు ఇంకో పోటు, మీకు నాలుగు తిట్లు, అంతటితో అయిపోతుంది. ముందే లేబుల్ అంటించిన ట్యూబు సంగతి వేరు. 9వ మంచం పేషెంట్‌కు నరం దొరకలేదు, లేదా ఆయన స్కానింగ్‌కు వెళ్లాడు. ఆయన పేరున్న ఖాళీ ఈడీటీఏ ట్యూబ్ ట్రేలోనే ఉండిపోయింది. 10వ మంచం దగ్గర చేతికి అందిన ఊదా మూత ట్యూబు తీసి నింపేశారు. ఇప్పుడు లేబుల్ చక్కగా ఉంది, బార్‌కోడ్ స్కాన్ అవుతుంది, రక్తం గడ్డ కట్టలేదు, కావలసినంత ఉంది. ల్యాబ్‌లో ఎవరూ దాన్ని ఆపరు. మొదటి తప్పు కంటికి కనిపిస్తుంది, రెండోది కనిపించదు. మన పద్ధతులన్నీ కనిపించని తప్పును కనిపించే తప్పుగా మార్చడానికే.

మీ ఆసుపత్రిలో లేబుళ్లు ల్యాబ్‌లోనే ప్రింట్ అవుతాయి, వార్డులో ప్రింటర్ ఉండదు అనుకుంటాను. పర్వాలేదు. లేబుళ్లను ట్యూబులకు అంటించకండి. ఒక్కో పేషెంట్‌కు ఒక్కో జిప్ కవరు పెట్టుకుని, రిక్వెస్ట్ ఫారం, విడి లేబుళ్లు, ఆ పరీక్షలకు కావలసిన ఖాళీ ట్యూబులు అందులో వేసుకోండి. మంచం దగ్గర ఒక్క కవరే తెరవాలి. రక్తం దొరకకపోతే అన్నీ మళ్లీ అదే కవరులోకి వెళ్లాలి. ఎక్కువగా ప్రింట్ అయిన లేబుళ్లను ట్రే అంచుకో, కోటు జేబుకో అంటించుకునే అలవాటు చాలామందికి ఉంటుంది. ఆ మిగులు లేబుల్ సాయంత్రానికి ఎవరి ట్యూబు మీదకైనా చేరుతుంది. పేషెంట్ దగ్గర పని అవగానే దాన్ని చింపి పారేయండి.

ఇక గుర్తింపు. పేరు ఒక్కటి చాలదు. కనీసం రెండు వివరాలు కలవాలి: పూర్తి పేరు ఒకటి, ఆసుపత్రి ఇచ్చిన నంబరు రెండోది, అంటే ఐపీ నంబరో యూహెచ్‌ఐడీయో. కొన్నిచోట్ల పుట్టిన తేదీ వాడతారు గానీ, మన దగ్గర పెద్దవాళ్లలో చాలామందికి అది తెలియదు. కౌంటర్లో చెప్పిన వయసు ఒకసారి 55, ఇంకోసారి 60 అవుతుంది. అందుకే నంబరునే నమ్ముకోవాలి. మంచం నంబరు గుర్తింపు కిందకు రాదు. అది పేషెంట్ ఎక్కడున్నారో వెతుక్కోవడానికి మాత్రమే. మంచానికి వేలాడే కేస్‌షీటు కూడా అంతే, అది మంచానికి చెందింది, మనిషికి కాదు.

అడిగే పద్ధతి ముఖ్యం. "లక్ష్మి గారేనా అమ్మా?" అని అడగకూడదు. జ్వరంలో ఉన్నవాళ్లు, చెవులు సరిగా వినపడని పెద్దవాళ్లు, నిద్రలోంచి లేచినవాళ్లు, తెల్లకోటు చూసి భయపడేవాళ్లు, దేనికైనా "ఆఁ" అనేస్తారు. "అమ్మా, మీ పూర్తి పేరు ఇంటిపేరుతో సహా చెప్పండి" అనాలి. తర్వాత "మీ ఆయన పేరు?" లేదా "నాన్నగారి పేరు?" అని అడగండి. ఫారం మీద భర్త పేరో తండ్రి పేరో ఉంటుంది కాబట్టి అది మంచి అదనపు పరీక్ష. పేరు వాళ్ల నోటి నుంచి రావాలి, మీ నోటి నుంచి కాదు. ఆ తర్వాత చేతి బ్యాండు తిప్పి, దాని మీది నంబరును పైకి చదువుతూ ఫారం మీది నంబరుతో ఒక్కో అంకె చొప్పున పోల్చండి. ఫారం చదివి బ్యాండు చూడడం కన్నా బ్యాండు చదివి ఫారం చూడడం మేలు. ఫారం ముందు చదివితే కన్ను అదే అంకెలను బ్యాండు మీద వెతుక్కుని "ఉంది" అనేస్తుంది. చివరగా చేతిలోని లేబుళ్లను అదే బ్యాండుతో పోల్చుకోండి. నోరు, బ్యాండు, ఫారం, లేబుల్ నాలుగూ ఒకటే చెప్పాకే టోర్నికెట్ కట్టాలి.

మన పేర్ల వల్ల వచ్చే చిక్కులు తెలుసుకుని ఉండాలి. ఒకే వార్డులో ఇద్దరు లక్ష్ములు, ముగ్గురు వెంకటేశ్వర్లు ఉండడం మామూలే. ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుదించి రాయడంతో కె. అంటే కొండా, కోటా, కాకర్ల ఏదైనా కావచ్చు. కంప్యూటర్లో ఒక చోట LAKSHMI, ఇంకో చోట LAXMI అని ఉంటుంది. స్పెల్లింగు తేడా ఉన్నా నంబరు కలిసింది కదా అని మీరే సర్దుకోకండి. సిస్టర్‌కు చూపించి, రిజిస్ట్రేషన్లో ఏముందో ఖాయం చేసుకుని, సరిచేయించాకే రక్తం తీయండి. క్రాస్‌మ్యాచ్ శాంపిల్ అయితే బ్లడ్ బ్యాంక్ ఆ ఒక్క అక్షరం తేడాకే వెనక్కి పంపుతుంది, పంపాలి కూడా.

ఒక ఉదాహరణ పూర్తిగా చూద్దాం. పేర్లు, అంకెలు కల్పించినవే గానీ ఇలాంటివి ఏ పెద్ద వార్డులోనైనా జరగగలవు.

ఫీమేల్ మెడికల్ వార్డులో 12వ మంచం కె. లక్ష్మి, 52 ఏళ్లు, భర్త వెంకటేశ్వర్లు, ఐపీ నంబరు 24817. డెంగీ జ్వరం. నిన్నటి హిమోగ్లోబిన్ 12.1, ఎంసీవీ 88, ప్లేట్‌లెట్లు 40,000. 15వ మంచం కె. లక్ష్మి, 55 ఏళ్లు, భర్త సత్యనారాయణ, నంబరు 24871. ఐరన్ లోపంతో రక్తహీనత. హిమోగ్లోబిన్ 6.8, ఎంసీవీ 68, ప్లేట్‌లెట్లు 3.8 లక్షలు. రాత్రి డ్యూటీలో డెంగీ పేషెంట్‌ను దగ్గరుండి చూడాలని సిస్టర్ల టేబుల్ పక్కకు మార్చి, ఖాళీ అయిన 12కి రెండో లక్ష్మిని తెచ్చారు. ఫారాల మీద మాత్రం పాత మంచం నంబర్లే ఉన్నాయి.

పొద్దున ఆరింటికి ట్రైనీ 12వ మంచం దగ్గరకు వెళ్లి "లక్ష్మి గారేనా?" అంటాడు. "అవును నాయనా" అంటుంది. సీబీపీ తీసి 24817 లేబుల్ అంటిస్తాడు. తర్వాత టేబుల్ పక్క మంచం దగ్గర మిగిలిన లక్ష్మి ఫారంతో అదే పని చేస్తాడు. ఎనిమిదింటికల్లా డెంగీ పేషెంట్ పేరు మీద హిమోగ్లోబిన్ 6.9, ప్లేట్‌లెట్లు 3.8 లక్షలు అని రిపోర్టు వస్తుంది. ప్లేట్‌లెట్లు పెరిగాయని ఆమెను ఇంటికి పంపేయవచ్చు. రక్తహీనత ఉన్నావిడకు 12 ఉందని, ఎక్కించాల్సిన రక్తం ఆపేయవచ్చు.

ల్యాబ్ దీన్ని పట్టుకోగలదా? పాత రిపోర్టు ఉంటే పట్టుకోగలదు. హిమోగ్లోబిన్ ఒక్క రోజులో 12 నుంచి 7కి పడిపోయిందంటే లోపల రక్తస్రావమేమో అనుకోవచ్చు, డెంగీలో అది జరగనిదేమీ కాదు. కానీ ఎంసీవీ 88 నుంచి 68కి రాత్రికి రాత్రి దిగదు. రక్తం పోతే కణాల సంఖ్య తగ్గుతుంది తప్ప, ఉన్న కణాల పరిమాణం అలా మారదు. అనుభవమున్న టెక్నీషియన్ ముందు ఎంసీవీ చూసేది అందుకే. పేషెంట్‌కు మధ్యలో రక్తం ఎక్కించి ఉంటే మాత్రం ఈ పోలిక అంత నమ్మకంగా పనిచేయదు. ఇద్దరూ నిన్ననే చేరి, పాత రిపోర్టు లేకపోతే పట్టుకునే దారే లేదు. మొదట ఆ ట్రైనీ "మీ ఆయన పేరేంటమ్మా?" అని అడిగి ఉంటే "సత్యనారాయణ" అని వచ్చేది, ఫారం మీద వెంకటేశ్వర్లు ఉంది, అక్కడే ఆగేది. బ్యాండు చదివినా ఆగేది, అయితే 24817, 24871 లాంటివి ఒక్క చూపులో ఒకేలా కనిపిస్తాయి కాబట్టి అంకె అంకె చదవమన్నాను.

బ్యాండు లేకపోతే? క్యాన్యులా పెట్టడానికి అడ్డమొచ్చిందనో, చేయి వాచిందనో కత్తిరించి మంచం రెయిలింగుకు కట్టేస్తుంటారు. అలా కట్టిన బ్యాండు గుర్తింపు కాదు. సిస్టర్‌కు చెప్పి కొత్త బ్యాండు చేతికో కాలికో కట్టించాకే తీయాలి. పొద్దున రష్‌లో దీనికి ఐదు నిమిషాలు పడితే మిమ్మల్ని విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

మాట్లాడలేని పేషెంట్ల దగ్గర, అంటే ఐసీయూలో ట్యూబు వేసినవాళ్లు, స్పృహ లేనివాళ్ల దగ్గర, ఆ షిఫ్టులో వాళ్లను చూస్తున్న సిస్టర్‌నో, దగ్గరి బంధువునో పేరు చెప్పమనండి. ఇక్కడా అదే పద్ధతి, పేరు వాళ్లు చెప్పాలి. ఎవరు చెప్పారో ఫారం మీద రాసుకోండి. తెలుగు రాని పేషెంట్ అయితే తల ఊపడాన్ని జవాబుగా తీసుకోకండి, వాళ్ల భాష వచ్చినవాళ్లను పిలవండి. క్యాజువాలిటీకి పేరు తెలియకుండా వచ్చినవాళ్లకు తాత్కాలిక నంబరుతో బ్యాండు కడతారు. తర్వాత పేరు తెలిసినా, రికార్డులో అధికారికంగా మారేదాకా ఆ తాత్కాలిక నంబరుతోనే శాంపిల్స్ వెళ్లాలి. పుట్టిన పిల్లలకు తల్లి పేరే ఉంటుంది గనుక, కవలలైతే ట్విన్ 1, ట్విన్ 2 అన్నది కాలి బ్యాండులోనూ లేబుల్లోనూ ఒకేలా ఉందో లేదో చూడండి.

ఓపీ కలెక్షన్‌లో బ్యాండు ఉండదు, బిల్లే ఆధారం. అక్కడ తరచూ జరిగేది భార్యాభర్తల తారుమారు. ఇద్దరూ కలిసి చెకప్‌కు వస్తారు, బిల్లులు రెండూ ఆయన చేతిలోనే ఉంటాయి, మొబైల్ నంబరు కూడా ఇద్దరికీ ఒకటే. అందుకని ఫోన్ నంబరు ఇక్కడ రెండో గుర్తుగా పనికిరాదు. ఒకరిని కూర్చోబెట్టి పేరు, వయసు చెప్పించుకుని, ఆ బిల్లు చూసి, రక్తం తీసి, లేబుల్ అంటించి పంపాకే రెండో మనిషిని కుర్చీలోకి పిలవండి.

రక్తం తీశాక లేబుల్ వరకూ జరగాల్సింది కూడా మంచం పక్కనే జరగాలి. సిరంజితో తీసేచోట ఒక చెడ్డ అలవాటు కనిపిస్తుంది. రక్తం నిండిన సిరంజిని సిస్టర్ల టేబుల్ దగ్గరకు తీసుకెళ్లి అక్కడ ట్యూబుల్లో పోస్తారు. నిండిన సిరంజి అంటే పేరు లేని శాంపిలే, పైగా సిరంజిలోనే గడ్డ కట్టడం మొదలవుతుంది. సూదిని షార్ప్స్ డబ్బాలో వేసి, ట్యూబులు నింపి, అడిటివ్ ఉన్నవాటిని మెల్లగా తిప్పి కలిపి, వెంటనే లేబుళ్లు అంటించండి. రక్తం కారడం ఆగేదాకా పేషెంట్‌ను దూది నొక్కి పట్టుకోమనాలి కదా, అంతలో ఈ పని అయిపోతుంది. అయ్యాక ఒక్క ట్యూబును పేషెంట్‌కు చూపించి "మీ పేరే కదా, చూడండి" అనండి. చదవగలిగినవాళ్లు తప్పకుండా చూస్తారు, తప్పుంటే చెబుతారు.

అంటించే తీరులో కూడా పని చెడుతుంది. బార్‌కోడ్ లేబుల్ ట్యూబు పొడవునా నిటారుగా ఉండాలి. ట్యూబును నిలబెట్టి చూస్తే బార్‌కోడ్ గీతలు నిచ్చెన మెట్లలా అడ్డంగా కనిపించాలి. పేరు మొదలయ్యే వైపు మూత దగ్గర ఉండాలి. చుట్టూ చుట్టేస్తే మెషీన్ చదవలేదు. ముడతలు పడ్డా అంతే. కొస జెండాలా బయటికి వేలాడితే మెషీన్ రాక్‌లో ఇరుక్కుంటుంది. ట్యూబు కంపెనీ లేబుల్ మీదే అంటించి, రక్తం మట్టం కనిపించేలా ఒక పక్క సన్నని ఖాళీ వదలండి. అది కప్పేస్తే సిట్రేట్ ట్యూబులో రక్తం గీత వరకూ వచ్చిందో లేదో తెలియదు. మూత మీద ఎప్పుడూ రాయకండి, మూతలు తీస్తారు, మారతాయి. చేత్తో రాసేటప్పుడు జెల్ పెన్ను వద్దు, స్పిరిట్ తగిలితే చెరిగిపోతుంది. ఐస్‌లో పంపే శాంపిల్‌కు ట్యూబు తడవకముందే లేబుల్ అంటించి కవరులో పెట్టండి.

లేబుల్ మీద మీ ఇనిషియల్స్, తేదీ, రక్తం తీసిన సమయం రాయాలి. ప్రింటయిన సమయం లేబుల్ తయారైన వేళ మాత్రమే, రక్తం తీసిన వేళ కాదు. షుగర్ పరీక్షలో ఇది బాగా తెలుస్తుంది. ఒకే మనిషికి పరగడుపున ఒకటి, తిన్న రెండు గంటలకు ఒకటి, రెండూ బూడిద రంగు మూత ట్యూబులే. సమయం లేకపోతే ఏది ఏదో ఎవరూ చెప్పలేరు, రెండు అంకెలు అటూ ఇటూ అయితే రిపోర్టు తలకిందులవుతుంది.

క్రాస్‌మ్యాచ్ శాంపిల్ విషయంలో మాత్రం ఏ సడలింపూ లేదు. ముందే లేబుల్ వేసిన ట్యూబు అసలు వాడకూడదు. ఒకరి ట్యూబులో ఇంకొకరి రక్తం పడడం ఎంత తరచుగా జరుగుతుందో 10 దేశాల ఆసుపత్రుల్లో లెక్కించి 2003లో ప్రచురించారు. సుమారు 2,000 శాంపిళ్లలో ఒకటి అని తేలింది. O గ్రూపు మనిషి పేరున్న ట్యూబులో A గ్రూపు రక్తం ఉందనుకోండి, బ్లడ్ బ్యాంక్ గ్రూపింగ్, క్రాస్‌మ్యాచ్ అన్నీ సరిగ్గా చేసి A గ్రూపు బ్యాగు ఇస్తుంది. వాళ్లు పరీక్షించేది ట్యూబును కదా. కొన్ని మిల్లీలీటర్లు ఎక్కగానే ప్రాణం మీదకు రావచ్చు. అందుకే పాత గ్రూపు రికార్డు లేని పేషెంట్‌కు చాలా బ్లడ్ బ్యాంకులు రెండో శాంపిల్ అడుగుతాయి. అది విడిగా ఇంకోసారి గుర్తింపు చేసి తీసింది కావాలి, వీలైతే వేరే మనిషి తీయాలి. ఒకేసారి రెండు ట్యూబులు తీసి, ఒకటి జేబులో ఉంచుకుని గంట తర్వాత పంపితే మొదటి తప్పునే రెండుసార్లు పంపినట్టు. "నాది బి పాజిటివ్ బాబూ" అని పేషెంట్ చెప్పింది ఫారంలో గ్రూపు కింద రాయకండి.

తప్పు జరిగిందని అనుమానం వస్తే ఏం చేయాలో కూడా తెలిసి ఉండాలి. లేబుల్ పీకి ఇంకోటి అంటించడం, ల్యాబ్‌కు వచ్చి "ఇది నేనే తీశాను, ఫలానా ఆయనది" అని పేరు రాయడం, రెండూ కుదరవు. రక్తం మళ్లీ తీయగలిగిన శాంపిల్, కాబట్టి పారేసి మళ్లీ తీయాలి. వెన్ను నీరు, బయాప్సీ ముక్క లాంటి మళ్లీ దొరకనివాటికి ఏం చేయాలన్నది ల్యాబ్ ఇన్‌చార్జి, డాక్టర్ కలిసి తేలుస్తారు, ట్రైనీ కాదు. ఇంకో సంగతి చాలామంది మరిచిపోతారు: ఒకరి ట్యూబులో వేరొకరి రక్తం ఉందంటే, ఆ వేరొకరి ట్యూబులో ఎవరిది ఉందో కూడా చూడాలి. అదే రౌండులో అటూ ఇటూ తీసిన శాంపిళ్లన్నిటి రిపోర్టులూ ఆపించి, బయటికి వెళ్లిపోయినవి ఉంటే డ్యూటీ డాక్టర్‌కు ఫోన్ చేసి, ఎవరితో ఎన్ని గంటలకు మాట్లాడారో రిజిస్టర్‌లో రాయండి.